నూడుల్స్ లెక్క – 3వ భాగం: గిన్నెలో మిగిలిన సూప్

పోయిన వారం పొట్లం మీది అంకెలు చదవడం నేర్చుకున్నాం కదా. అది చూసి పర్లాకిమిడిలో చదువుకుంటున్న మా అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, సూప్ సగం పారబోస్తున్నా. అంటే కేలరీలు కూడా సగమేగా?"

కాదమ్మా. సూప్‌తో పాటు ఎక్కువగా పోయేది ఉప్పు. కేలరీలు చాలావరకు నువ్వు తినేసిన దిమ్మలోనే ఉన్నాయి. ఎంతో తూచి చూద్దాం.

తను తినేది 70 గ్రాముల పొట్లం. అందులో దిమ్మ 62 గ్రాములు, మసాలా 8. వెనకాల 100 గ్రాములకు 430 కేలరీలని ఉంది, మసాలాతో కలిపే. కాబట్టి పొట్లానికి 301. మసాలాని మళ్లీ కలిపితే రెండుసార్లు లెక్కేసినట్టే.

పొట్లానికి సోడియం 1000 మిల్లీగ్రాములని రాశారు. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు దాదాపు 2.5 గ్రాములు. అది చాలావరకు మసాలాలోదే. ఉప్పుకి కేలరీలు లేవు. మిగతా ఐదున్నర గ్రాముల కారం, చక్కెర, పిండికి గ్రాముకి 4 చొప్పున 20 పైచిలుకు. అంటే దిమ్మ వాటా దాదాపు 280.

ఇక సూప్. దిమ్మని నూనెలో వేయిస్తారు కాబట్టి ఉడికేటప్పుడు కొంత నూనె నీళ్లలోకి దిగుతుంది, కొంచెం పిండి కూడా. ఒక గిన్నెలో దిగే నూనె ఒకటి రెండు గ్రాములే. మన వంటింటి డిజిటల్ కాటా 1 గ్రాము అటూ ఇటూ చూపిస్తుంది, దాన్ని నమ్మలేం. అందుకే నాలుగు రోజులు వదిలేసిన సూప్‌ని ఒకే డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టమన్నాను. (వాళ్ల రూమ్మేట్ దాన్ని చూసి రసం అనుకుందట!)

రోజుకి 150 మిల్లీలీటర్లు వదిలింది, మొత్తం 600. పైన నూనె తెట్టు గట్టిపడితే చెంచాతో తీసి తూచింది: 8 గ్రాములు. గ్రాముకి 9 చొప్పున 72, రోజుకి 18. ఈ పద్ధతి పామాయిల్‌కే పనికొస్తుంది. పొట్లం మీద సన్‌ఫ్లవర్ నూనె అని ఉంటే ఫ్రిజ్‌లో పెట్టినా గట్టిపడదు.

మిగిలిన నీళ్లని సన్న సెగ మీద ఇగరబెట్టింది. మొదటిసారి 29 గ్రాములొచ్చింది. "వేలికి అంటుకుంటోందా?" అన్నాను. అంటుకుంటోందట. అంటే తడి ఇంకా ఉంది. పొడిపొడిగా రాలేదాకా ఆరబెట్టాక 21 గ్రాములు తేలింది. నాలుగు పొట్లాల ఉప్పు 10 గ్రాములు. నూడుల్స్ పీల్చుకున్న నీళ్లతో కలిపి చూస్తే తను వదిలింది సుమారు సగం నీళ్లు, కాబట్టి ఇందులో ఉప్పు 5. మిగతా 16 గ్రాములకి 64 కేలరీలు, రోజుకి 16.

18, 16 కలిపితే 34. 301లోంచి తీసేస్తే తను తిన్నది 267. సగం అయితే 150 ఉండాలి! ఉప్పు మాత్రం నిజంగానే సగం దాకా పోయింది.

వచ్చే వారం ఇదే గిన్నెలో గుడ్డు కొట్టి వేద్దాం. అప్పటిదాకా మీ సూప్ పారబోయకండి, డబ్బాలో పోయండి. మూత మీద పేరు రాసి పెట్టండి.