సెకండ్ హ్యాండ్ కారు: టైమింగ్ బెల్ట్ గడువు చూశారా?

తక్కువ తిరిగిన కారని మురిసిపోయే ముందు ఇంజిన్‌లో పిస్టన్లు, వాల్వ్‌లు ఒకే లయలో కదిలేలా చూసేది టైమింగ్ బెల్టో, చైనో కనుక్కోండి. బెల్ట్ రబ్బరుది, తిరక్కపోయినా వయసుతో పాడవుతుంది. అందుకే మాన్యువల్‌లో కిలోమీటర్లు, ఏళ్లు రెండూ ఇస్తారు. ఏది ముందొస్తే అదే గడువు. ఉదాహరణకు లక్ష కిలోమీటర్లు లేదా 6 ఏళ్లు అని ఉంటే, 40,000 మాత్రమే తిరిగిన 8 ఏళ్ల కారుకు గడువు దాటి 2 ఏళ్లయినట్టే. బెల్ట్ తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వ్‌లకు తగిలి వాటిని వంచేస్తాయి. ముందుగా చిన్న శబ్దం కూడా రాకపోవచ్చు.

"మార్పించాం సార్" అంటే తేదీ, రీడింగ్ ఉన్న బిల్లు అడగండి. లేకపోతే మార్చలేదనే లెక్కేసి, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. బెల్ట్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్‌ను, వాటర్ పంపును కూడా ఆ బెల్టే తిప్పుతుంటే దాన్నీ అప్పుడే మార్పించాలి.

చైన్‌కు సాధారణంగా గడువుండదు. కానీ ఆయిల్ సమయానికి మార్చకపోతే సాగుతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే గలగల వినిపిస్తే అనుమానించండి. అమ్మేవాళ్లు ముందే వేడెక్కించి ఉంచితే అది వినపడకపోవచ్చు!