పన్నెండు స్వరాల వరుస, పాఠం 3: ఆధార స్వరం నిలవకుండా చేయడం

చెవి ఆధార స్వరాన్ని ఏ ఆనవాళ్లతో పోల్చుకుంటుందో గత పాఠంలో చూశాం. ఒక స్వరం మిగతావాటికంటే ఎక్కువసార్లు, ఎక్కువసేపు వినిపించినా, పక్క మెట్టు మీది స్వరం వచ్చి దానిలో ఒదిగినా, మేజర్ లేదా మైనర్ కార్డులు దాని చుట్టూ అల్లుకున్నా, పాట అక్కడికే చేరుతుందని చెవి నమ్ముతుంది. ఆ నమ్మకం కుదరకుండా స్వరకర్త ఏం చేస్తాడన్నది ఈ పాఠంలోని విషయం. ఇక్కడ మెట్టు అంటే పియానో మీద తెల్లవీ నల్లవీ కలిపి లెక్కించే ఒక్కో మీట. స్థాయికి పన్నెండు మెట్లు.

ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ 1920ల మొదట్లో రూపొందించిన పద్ధతికి మూలసూత్రం ఇది: పన్నెండు స్వరాలనూ ఒక వరుసలో పెట్టుకోవాలి, వరుస పూర్తయ్యేదాకా, ఇప్పుడే మోగిన స్వరాన్ని వెంటనే మళ్లీ మోగించడం తప్ప, వదిలివచ్చిన స్వరం దగ్గరికి తిరిగి వెళ్లకూడదు. దీనివల్ల ఏ స్వరానికీ ఎక్కువ వాటా దక్కదు. అయితే ఈ సూత్రం ఒక్కటే చాలదు. ఆల్బన్ బెర్గ్ 1935లో రాసిన వయొలిన్ కాన్చెర్టో వరుస చూడండి:

```
G  Bb  D  F#  A  C  E  G#  B  C#  D#  F
```

పన్నెండూ ఒక్కొక్కసారే వచ్చాయి. కానీ మొదటి మూడు స్వరాలు జి మైనర్ కార్డు. మూడోదాని నుంచి ఐదోదాకా డి మేజర్. అక్కడి నుంచి ఎ మైనర్, ఆపైన ఇ మేజర్. సూత్రాన్ని పాటిస్తూనే బెర్గ్ పాత సంగీతపు ఛాయలను కావాలనే లోపలికి రానిచ్చాడు. అందుకే ఆ కాన్చెర్టో వినేటప్పుడు ఒక ఆధారం దొరికినట్టే అనిపించి మళ్లీ చేజారుతుంది. అంటే కేంద్రాన్ని తప్పించేది పన్నెండు అనే లెక్క కాదు, ఏ స్వరం పక్కన ఏ స్వరం కూర్చుంటుందన్న ఎంపిక.

ఇప్పుడు షోన్‌బర్గ్ పియానో సూట్, ఓపస్ 25 వరుస:

```
E  F  G  Db  Gb  Eb  Ab  D  B  C  A  Bb
```

వరుసగా ఏ మూడు స్వరాలను తీసుకున్నా మేజర్ కార్డు గానీ మైనర్ కార్డు గానీ కుదరదు. ఒక్కొక్కటీ పియానో మీద కలిపి నొక్కి చూస్తే ఇది చెవికే తెలుస్తుంది. దీనికంటే లోతైన విషయం వరుస రెండు కొనల్లో ఉంది. మొదటి స్వరం ఇ, చివరిది బి ఫ్లాట్. రెండిటి మధ్య దూరం సరిగ్గా ఆరు మెట్లు, అంటే స్థాయిలో సగం. పైకి లెక్కించినా ఆరే, కిందికి లెక్కించినా ఆరే కాబట్టి ఈ జంటలో ఏది ఆధారం, ఏది దాని మీద వాలుతున్నదన్నది దూరాన్ని బట్టి తేలదు. ఏడు మెట్ల దూరానికి ఈ సమతూకం లేదు. అందులో కింది స్వరమే బలంగా వినిపిస్తుంది.

షోన్‌బర్గ్ ఈ గుణాన్ని సూట్ అంతటా కాపాడాడు. ఏ వరుసకైనా నాలుగు రూపాలు ఉంటాయి: అసలుది, వెనక నుంచి ముందుకు చదివినది, ఎక్కే చోట అన్ని మెట్లే దిగేలా తిరగేసినది, ఆ తిరగేసినదాన్ని వెనక నుంచి చదివినది. ఒక్కోదాన్ని పన్నెండు స్వరాల మీద మొదలుపెట్టవచ్చు కనుక మొత్తం 48 రూపాలు దొరుకుతాయి. ఈ సూట్‌లో ఆయన వాడినవి ఎనిమిదే, అన్నీ ఇ, బి ఫ్లాట్‌ల మధ్య నడిచేవే. ఇ మీద మొదలుపెట్టి తిరగేసి చూద్దాం. అసలు వరుసలో మూడో స్వరం జి, ఇ కంటే మూడు మెట్లు పైన ఉంది. తిరగేస్తే మూడు మెట్లు కింద, డి ఫ్లాట్ మీద పడుతుంది. నాలుగోదైన డి ఫ్లాట్ అలాగే జి అవుతుంది. అసలు వరుసను ఆరు మెట్లు జరిపినా ఈ రెండే చోట్లు మార్చుకుంటాయి. కాబట్టి ఏ రూపంలోనైనా జి పక్కన డి ఫ్లాట్ తప్పక ఉంటుంది. వాటి మధ్యా ఆరు మెట్లే.

దీని ఫలితం ఆ సూట్‌లోని మ్యూజెట్ అనే భాగంలో స్పష్టంగా తెలుస్తుంది. అందులో జి స్వరం శ్రుతిలా పదేపదే మోగుతుంది. ఇది ఆధారాన్ని తప్పించే ప్రయత్నానికి పూర్తిగా ఎదురుగా కనిపించే పని, నాకు ఈ సూట్‌లో అన్నిటికంటే సాహసంగా తోచేదీ ఇదే. జిని నిజమైన ఆధారంగా నిలబెట్టాలంటే దానికి ఏడు మెట్ల పైనున్న డి తోడు కావాలి. వరుసలో జి పక్కన ఉన్నది డి కాదు, డి ఫ్లాట్. పునరుక్తి బలాన్ని ఇస్తున్నా, పొరుగు స్వరం ఆ బలాన్ని నిలవనివ్వదు.

వరుస ఎంత జాగ్రత్తగా కట్టినా రాసే తీరులో అది చెడిపోవచ్చు. ఒకే స్వరాన్ని రెండు స్థాయుల్లో కలిపి మోగిస్తే దానికి అదనపు బరువు వస్తుంది. అందుకే షోన్‌బర్గ్ తొలినాళ్ల పన్నెండు స్వరాల రచనల్లో అలాంటి జోడింపును మానుకున్నాడు. ప్రతి పదబంధమూ మంద్రంలో ఒకే స్వరం మీద ఆగినా అదే జరుగుతుంది. పరీక్ష సులభం: సంగీతాన్ని మధ్యలో ఆపి, మనసుకు తోచిన ముగింపు స్వరాన్ని పాడండి; మరో రెండు చోట్ల ఆపి అలాగే చేయండి. మూడుసార్లూ ఒకే స్వరం వస్తే అక్కడ కేంద్రం ఏర్పడినట్టే.

వచ్చే పాఠానికి ముందు మ్యూజెట్‌నూ, బెర్గ్ కాన్చెర్టో మొదటి రెండు నిమిషాలనూ ఈ పరీక్షతో విని, పాడిన స్వరాలను రాసి ఉంచుకోండి.