గర్భసంచి జారింది, రింగుతో సర్దుకుంది

యాభై దాటాక గర్భసంచి జారింది. ముక్కమని కొలిచిన డాక్టరమ్మ, యోని ద్వారం దాటి 2 సెంటీమీటర్లు బయటికొస్తోంది, మూడో స్టేజీ అన్నారు. ద్వారానికి అటూ ఇటూ 1 సెంటీమీటరు లోపైతే రెండోది. అప్పుడు కటి కండరాల వ్యాయామాలతోనే మొదలుపెట్టేవారట. నా స్థితిలో వాటివల్ల కింద బరువుగా అనిపించడం కాస్త తగ్గొచ్చు గానీ జారింది పైకెళ్లదన్నారు. ఆపరేషన్ చేసినా మళ్లీ జారే అవకాశం ఉంటుంది కదా, ముందు గర్భసంచి జారకుండా యోని లోపల ఆనుగా పెట్టే సిలికాన్ రింగ్ పెస్సరీ పెట్టించుకున్నాను.

దగ్గమన్నారు, గొంతుక్కూర్చోమన్నారు, మూత్రం సాఫీగా వచ్చాకే ఇంటికి పంపారు. రింగు ఊడిపోతే చిన్నదైనట్టు, నొప్పెట్టినా మూత్రం ఆగినా పెద్దదైనట్టు. మొదటిది నాకు ఊడిపోయింది, సైజు పెంచారు. లోపల పుండు పడకుండా ఈస్ట్రోజెన్ క్రీము రాస్తున్నాను. రక్తం కనిపిస్తే మాత్రం ఆగకుండా చూపించుకోవాలి. రింగు నిలవకపోతే ఆపరేషన్ అనుకున్నాం, ఇప్పటికైతే నిలిచింది.