వెదర్ యాప్ ఫొటో చూసి డాబా మీద ఫంక్షన్ ప్లాన్ చేయడం ఎలా?

ఫ్యామిలీ గ్రూపులో ఎవరో ఒకరు ఫోన్ స్క్రీన్ ఫొటో పెడతారు, "వాన నలభై శాతమే, ఏం కాదులే" అంటారు, అంతటితో షామియానాకు అడ్వాన్స్ వెళ్లిపోతుంది. అలా చేయకండి.

ముందు ఫొటో పైభాగం చూడండి. ఊరి పేరు, ఫోన్‌లో టైమ్ కనిపించాలి. బావగారు హైదరాబాద్‌లో కూర్చుని పంపితే అది హైదరాబాద్ వాతావరణమే కావచ్చు, ఫంక్షనేమో వరంగల్‌లో. పైభాగం కత్తిరించిన ఫొటో నేనైతే అసలు చూడను. నిన్నటి ఫొటో కూడా అంతే, అంచనాలు రోజులో చాలాసార్లు మారతాయి.

అందరూ తప్పేది శాతం దగ్గరే. 40 శాతం అంటే చిన్న వాన అని కాదు, రోజులో నలభై శాతం సేపు పడుతుందనీ కాదు. ఇలాంటి పరిస్థితులు పదిసార్లు వస్తే నాలుగుసార్లు మీరున్న చోట వాన పడుతుందని. ఎంత పడుతుందో అందులో ఉండదు, అది మిల్లీమీటర్లలో వేరే ఉంటుంది. పైగా రోజు మొత్తానికి ఇచ్చిన అంకెతో మనకు పని లేదు, గంటలవారీ స్క్రీన్ ఫొటో అడిగి తెప్పించుకోండి.

మే నెలలో సాయంత్రం 6 నుంచి 9 దాకా ఓణీల ఫంక్షన్ అనుకుందాం. ఆరింటికి 50, ఏడింటికి 40, ఎనిమిదింటికి 20 అని ఉంది. కొందరు వీటిని కూడేస్తారు, కొందరు సగటు తీసి 37 అని ఊరట పడతారు. రెండూ తప్పే. ఆ మూడు గంటల్లో ఎప్పుడో ఒకప్పుడు వాన పడే అవకాశం వాటిలో పెద్ద అంకె కంటే తక్కువ ఉండదు, అంటే కనీసం 50. నా లెక్కలో 30 దాటితే భోజనాలు కింద పార్కింగ్‌లోనే, ఇంక చర్చ లేదు.

ఇప్పుడు గాలి. ఎండాకాలం సాయంత్రాలు షామియానాను పడగొట్టేది వాన కంటే ముందొచ్చే ఈదురుగాలి. స్క్రీన్ మీద పెద్దగా గంటకు 14 కిలోమీటర్లు అని కనిపిస్తే అది సగటు వేగం, మీకు కావాల్సింది "Gusts", అంటే ఒక్కసారిగా విసిరే గాలి, పక్కన ఉండే అంకె. అక్కడ 45 ఉంటే డాబా మీద గుడ్డ కట్టొద్దు. వేగం రెట్టింపైతే గుడ్డ మీద తోపుడు నాలుగింతలవుతుంది, టెంట్ హౌస్ వాళ్లు "ఇసుక బస్తాలు వేస్తాం సార్" అన్నా వినకండి. అంకె పక్కన m/s, అంటే సెకనుకు మీటర్లు, అని ఉందేమో కూడా చూడండి, 10 అని చిన్నగా కనిపించేది నిజానికి గంటకు 36 కిలోమీటర్లు.

ఫంక్షన్ మొదలయ్యే కాస్త ముందు ఫొటోలన్నీ పక్కన పెట్టేసి, వాతావరణ శాఖ ఇచ్చే మూడు గంటల హెచ్చరిక చూసి కుర్చీలు పైకెక్కించండి.