హిస్టోగ్రామ్ చిన్నబోయింది, షేరు మాత్రం ఆగలేదు: ఎందుకు?

సమస్య: షేరు జోరును చూపే ఎంఏసీడీలో రెండు గీతలు ఇంకా కలవలేదు, హిస్టోగ్రామ్ బార్లు తగ్గడం మొదలైంది. జోరు తగ్గిందని అమ్మేశారు. తర్వాత షేరు వారం రోజులు పెరుగుతూనే పోయింది.

ముందు ఒకటి చూడండి: క్యాండిల్ ముగిసిందా? డైలీ చార్టులో మధ్యాహ్నం రెండింటికి కనిపించే బార్ మూడున్నరకల్లా మారిపోవచ్చు. అడిగిన వాళ్లలో సగం మంది దగ్గర ఇదే జరిగి ఉంటుంది, అయినా ఎవరూ చూడరు.

క్యాండిల్ ముగిశాక కూడా బార్ చిన్నగానే ఉంటే, అసలు కిటుకు ఇక్కడుంది. నేనూ దీంతో చాలాసార్లు చేతులు కాల్చుకున్నాను. బార్ అంటే ఎంఏసీడీ గీతకూ సిగ్నల్ గీతకూ మధ్య దూరం. అది రెండు రకాలుగా తగ్గుతుంది: ఎంఏసీడీ కిందికి తిరిగినా తగ్గుతుంది, అది నెమ్మదిగా పైకి పోతుంటే వెనకున్న సిగ్నల్ దాన్ని అందుకుంటున్నా తగ్గుతుంది. చూడటానికి రెండూ ఒకటే.

మామూలు 12, 26, 9 సెట్టింగులో లెక్క ఇది:

```
ఈరోజు బార్ = 0.8 × (నిన్నటి బార్ + ఎంఏసీడీలో మార్పు)
```

నిన్న ఎంఏసీడీ 20, సిగ్నల్ 16, బార్ 4 అనుకోండి. ఈరోజు ఎంఏసీడీ 20.5కి పెరిగింది. బార్ మాత్రం 3.6కి తగ్గింది! ఎంఏసీడీ నిన్నటి బార్‌లో నాలుగో వంతు, అంటే 1 కంటే ఎక్కువ పెరిగితేనే బార్ ఎదుగుతుంది. అదే ఎంఏసీడీ 19.5కి దిగి ఉంటే బార్ 2.8 అయ్యేది. రెండింట్లోనూ బార్ తగ్గింది, కథలు మాత్రం వేరు.

షేరు రోజూ సరిగ్గా 5 రూపాయల చొప్పున పెరుగుతూ పోతే ఎంఏసీడీ 35 దగ్గర నిలబడిపోతుంది, బార్లు సున్నాకి చేరతాయి. షేరు ఎక్కడా పడలేదు, వేగం పెరగడం ఆగింది, అంతే.

పరిష్కారం: బార్లతో పాటు ఎంఏసీడీ గీతనూ చూడండి. బార్లు తగ్గుతున్నా గీత పైకే పోతుంటే కొత్తగా కొనకండి, స్టాప్‌లాస్ పైకి జరిపి ఉన్నది ఉంచుకోండి. గీత కిందికి తిరిగి, ముగిసిన బార్లు వరుసగా రెండు మూడు తగ్గితే అప్పుడు కొంత అమ్మండి. గీతలు కలిసేదాకా ఆగితే మాత్రం లాభంలో మంచి ముక్క అప్పటికే పోయి ఉంటుంది. ఒక్కోసారి బార్లు మళ్లీ ఎదిగి, గీతలు అసలు కలవకపోవచ్చు కూడా. అందుకే ఒక్కసారిగా అంతా అమ్మేయొద్దన్నది.

బోనస్, స్ప్లిట్ తర్వాత ధరలు సరిచేయని చార్టులోనూ బార్లు పిచ్చిగా కనిపిస్తాయి. ఇది అరుదు. వేరే చార్టు తెరిచి పోల్చితే తేలిపోతుంది.