నీలి గోడ ముందు నారింజ దిండ్లు

విజయనగరంలోని మా ఇంటి హాలులో పెద్ద గోడకు ముదురు నీలం వేయించాం. రంగుల చక్రంలో నీలానికి సరిగ్గా ఎదురుగా ఉండేది నారింజ కదా అని, సోఫా మీది నాలుగు దిండ్లకూ నిండు నారింజ గలీబులు తొడిగాను. పది నిమిషాలు కూర్చుంటే కళ్లు లాగేవి. రెండు రంగులూ సమానమైన గాఢతతో పోటీపడటం వల్ల దిండ్ల అంచులు అదురుతున్నట్టు కనిపించేవి.

అందుకే నారింజను వదిలి, చక్రంలో దానికి అటూ ఇటూ ఉన్న రంగులు తీసుకున్నాను. పసుపు వైపు నుంచి ఆవపిండి రంగు రెండు దిండ్లకు, ఎరుపు వైపు నుంచి ఇటుక రంగు సోఫా మీద వేసే దుప్పటికి. రెండూ మెరుపు తగ్గినవే. మిగిలిన దిండ్లకు రంగు వేయని పొందూరు ఖద్దరు.

గుడ్డముక్కలను రాత్రిపూట కూడా గోడకు ఆనించి చూడాలి. మా పసుపు బల్బు కింద నీలం నల్లబడింది, ఇటుక రంగు మరింత ఎర్రగా వెలిగింది. దాంతో దుప్పటిని సగానికి మడిచి, సోఫా ఒక చేతి మీదే వేశాను.