పోర్ట్‌ఫోలియో లెక్కల పాఠాలు – 4: పదిహేను శాతం పడినది ఎంత పెరిగితే పూడుతుంది?

అనంతపురం

కడపలో ఉన్న రిటైర్డ్ లెక్చరరు గారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందింది. పదిహేను శాతం పడినది ఎంత పెరిగితే పూడుతుందని మూడో పాఠం చివర నేనిచ్చిన చిన్న లెక్కకు మీరు రాసిన "పదిహేను శాతం" అన్న జవాబే మిగతా క్లయింట్లలో చాలామంది కూడా రాశారు కాబట్టి, మీ అనుమతితో ఈ ఉత్తరాన్నే నాలుగో పాఠంగా అందరికీ పంపుతున్నాను. ఈ నెల ఫండ్ల ఖర్చుల గురించి చెబుతానన్నాను, కానీ అది వచ్చే నెలకు వాయిదా. ఎందుకంటే మీరు ఆ జవాబును కాగితం మీద వదిలిపెట్టకుండా, దాని ఆధారంగా ఒక నిర్ణయానికి వచ్చేశారు: "పదిహేను శాతం పడింది కదా, మళ్లీ పదిహేను శాతం పెరగగానే మొత్తం తీసి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తాను" అని రాశారు.

ముందు ఆ పదిహేను సంగతి చూద్దాం. మీ పోర్ట్‌ఫోలియో గరిష్ఠంగా 20 లక్షలు ఉండి, ఇప్పుడు 17 లక్షలకు వచ్చింది. పోయిన 3 లక్షలు 20 లక్షల్లో 15 శాతం. తిరిగి రావలసిన 3 లక్షలు మాత్రం ఇప్పుడున్న 17 లక్షల మీద సంపాదించాలి, అంటే 17.65 శాతం కావాలి. 17 లక్షల మీద 15 శాతం పెరిగితే వచ్చేది 2 లక్షల 55 వేలే. మీరు అనుకున్న రోజున డబ్బు తీసేస్తే 45 వేల నష్టంతో బయటికి వచ్చి, నష్టం పూడిందని అనుకునేవారు. పతనం పెద్దదయ్యేకొద్దీ ఈ తేడా వేగంగా పెరుగుతుంది. 30 శాతం పడితే దాదాపు 43 శాతం, 50 శాతం పడితే 100 శాతం పెరగాలి. మిగిలినదానితో పోయినదాన్ని భాగించడమే ఇందులోని సూత్రం, ఇంతకు మించి గుర్తుపెట్టుకోవలసింది లేదు.

మీ స్టేట్‌మెంట్‌లో ఈక్విటీ ఫండ్ల వరుసలో 26 శాతం నష్టం చూసి మీకు నిద్ర పట్టలేదని రాశారు. మీ ఈక్విటీలో సగం మధ్యతరహా, చిన్న కంపెనీల షేర్లు కొనే మిడ్ క్యాప్, స్మాల్ క్యాప్ ఫండ్లు ఉన్నాయి, మార్కెట్ పడినప్పుడు అవి తరచుగా పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ కంటే ఎక్కువ పడతాయి. ఈక్విటీలోని 12 లక్షలు 8 లక్షల 88 వేలైతే, బాండ్లలో పెట్టే డెట్ ఫండ్లలోని 8 లక్షలు 8 లక్షల 12 వేలయ్యాయి. రెండూ కలిపితేనే 17 లక్షలు. ఈక్విటీ ఒక్కటే తన పాత గరిష్ఠాన్ని అందుకోవాలంటే 35 శాతం పెరగాలి. కానీ మీ మొత్తం 20 లక్షలు కావడానికి అంత అవసరం లేదు. డెట్ ఫండ్లు ఏడాదిలో 7 శాతం ఇచ్చాయని అనుకుంటే, ఈక్విటీ 27 శాతం పైచిలుకు పెరిగినా సరిపోతుంది. అందుకే నేను ఏ ఒక్క వరుసనూ విడిగా చూడను, మిమ్మల్నీ చూడవద్దంటాను.

ఇక ఎంతకాలం పడుతుందన్న ప్రశ్న. ఏడాదికి 9 శాతం చొప్పున పెరిగితే సుమారు 23 నెలలు, 12 శాతం చొప్పున అయితే 17 నెలలు పడుతుంది. ఇది కేవలం గణితం. రాబడి ఇంత వస్తుందని హామీ ఇవ్వడానికి సెబీ నిబంధనలు సలహాదారును అనుమతించవు, అనుమతించినా నేను ఇవ్వను. మార్కెట్ ఏటా ఒకే వేగంతో నడవదు కూడా. 2020 జనవరి గరిష్ఠం నుంచి మార్చికల్లా దాదాపు 38 శాతం పడిన నిఫ్టీ అదే ఏడాది నవంబరుకల్లా పాత గరిష్ఠాన్ని దాటింది. 2008లో సుమారు 60 శాతం పడినప్పుడు మాత్రం 2010 నవంబరు దాకా ఆగవలసి వచ్చింది. మీరు చెప్పిన ఫిక్స్‌డ్ డిపాజిట్ సంగతీ ఇదే లెక్కలో చూడండి. ఈ 17 లక్షలను ఈరోజే 7 శాతం వడ్డీకి వేస్తే 20 లక్షలు కావడానికి 29 నెలలు పడుతుంది, వడ్డీ మీద పన్ను కడితే ఇంకా ఎక్కువ. ఆ దారి తప్పని నేననడం లేదు. అది ఖాయమైన దారే, అయితే పొడవైనది.

ఇప్పుడు నాకు నిజంగా విసుగు తెప్పించే పొరపాటు దగ్గరికి వస్తున్నాను. స్టేట్‌మెంట్ అడుగున ఉండే మొత్తం విలువను చూసి, నష్టం పూడిందో లేదో తేల్చేయడమే ఆ పొరపాటు. మీలాగే 20 లక్షలు 17 లక్షలైన మరొకరు నెలకు 25 వేల చొప్పున సిప్ కడుతున్నారనుకోండి. పన్నెండు నెలల్లో ఆయన కట్టేది 3 లక్షలు. ఆ ఏడాదంతా మార్కెట్ అంగుళం కదలకపోయినా స్టేట్‌మెంట్‌లో మళ్లీ 20 లక్షలు కనిపిస్తుంది. ఆ అంకెను చూసి నష్టం పూడిందని నాకు సంతోషంగా ఫోన్ చేసినవారు ఉన్నారు. పూడ్చింది మార్కెట్ కాదు, వారి జేబు.

దీనికి నేను వాడే పద్ధతి ఒక్కటే. గరిష్ఠం రోజున ఉన్న 20 లక్షలను 100 రూపాయల చొప్పున 20,000 యూనిట్లుగా ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఫండ్ కంపెనీ ఇచ్చే యూనిట్లు వేరు, ఇవి మొత్తం పోర్ట్‌ఫోలియోకు మన సొంత యూనిట్లు. పోర్ట్‌ఫోలియో 15 శాతం పడితే యూనిట్ విలువ 85 అవుతుంది. కొత్తగా డబ్బు కట్టిన రోజున, ఆనాటి యూనిట్ విలువతో భాగించి యూనిట్లు కలపాలి. తీసిన రోజున అదే విధంగా తగ్గించాలి. కట్టడం, తీయడం యూనిట్ల సంఖ్యను మారుస్తాయి గానీ యూనిట్ విలువను మార్చవు. పైన చెప్పిన వ్యక్తి ఒక్కో వాయిదాకు సుమారు 294 యూనిట్లు కలుపుకుంటూ, ఏడాది చివరికి 23,529 యూనిట్లకు చేరతారు. యూనిట్ మాత్రం 85 దగ్గరే ఉంది. ఆయనకు ఇంకా 17.65 శాతం పెరుగుదల కావాలి.

మీకు ఈ పద్ధతి మరీ ముఖ్యం, ఎందుకంటే మీరు ఇంటి పైకప్పు మరమ్మతుకు 2 లక్షలు తీస్తానన్నారు. యూనిట్ 100 ఉన్నప్పుడు తీసి ఉంటే 2,000 యూనిట్లు తగ్గేవి. ఇప్పుడు 85 దగ్గర తీస్తే 2,353 యూనిట్లు పోతాయి. మిగిలిన 17,647 యూనిట్లు తిరిగి 100కు చేరినా మీ చేతిలో ఉండేది 17 లక్షల 65 వేలు. 20 లక్షల్లోంచి 2 లక్షలు పోను 18 లక్షలు ఉండాలని మీరు ఎదురుచూస్తారు, ఆ 35 వేలు మాత్రం మార్కెట్ కోలుకున్నా రావు. కాబట్టి మరమ్మతు ఆగనిదైతే ఆ డబ్బును డెట్ ఫండ్ నుంచి తీయండి, పడిన ఈక్విటీని ముట్టుకోవద్దు. అలా చేసినా నోటుపుస్తకంలో యూనిట్లు అంతే తగ్గుతాయి, కానీ కోలుకోవలసిన ఈక్విటీ మొత్తం మీ దగ్గరే ఉంటుంది. ఆ తరువాత మీ పోర్ట్‌ఫోలియోలో ఈక్విటీ వాటా ఇప్పుడున్న 52 శాతం నుంచి 59 శాతానికి పెరుగుతుంది. అది మనం మొదట ఒప్పుకున్న 60కి లోపలే గనుక నాకు అభ్యంతరం లేదు.

ఈ లెక్క ఒకే కంపెనీ షేరుకు వర్తింపజేయకండి. వందల కంపెనీలున్న ఫండ్ పడి లేస్తుందని ఆశించవచ్చు గానీ, ఒక కంపెనీ ఎప్పటికీ లేవకపోవచ్చు. అప్పుడు ఎంత శాతం కావాలన్న ప్రశ్నకే అర్థం ఉండదు.

అభ్యాసం ఈసారి కొంచెం కష్టమైనదే ఇస్తున్నాను. 20,000 యూనిట్లు, యూనిట్ 100తో మొదలుపెట్టండి. యూనిట్ 90కి పడిన రోజున 90 వేలు కట్టారు. 85కి పడిన రోజున 1 లక్షా 70 వేలు తీశారు. ఇప్పుడు యూనిట్ 95. చేతిలో ఉన్న యూనిట్లు ఎన్ని, వాటి విలువ ఎంత, గరిష్ఠం చేరడానికి ఇంకా ఎంత శాతం పెరగాలి? క్యాలిక్యులేటర్ వాడవచ్చు. జవాబు మాత్రమే కాకుండా, మధ్య మెట్లన్నీ రాసి ఈ నెల ఇరవయ్యో తేదీలోగా పంపండి. మీ పైకప్పు డబ్బు ఎప్పటికి కావాలో కూడా అదే కాగితం కింద రాస్తే, డెట్ ఫండ్ నుంచి తీసే ఫారం నింపి పంపిస్తాను.